‘ఒక లీవ్ లెటర్ రాసిపెట్టండి’: తేదీలు, రోజులు, కారణం చెప్పనప్పుడు ఏం అడగాలి?

మండల స్థాయి ప్రభుత్వ ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సీటులో కూర్చున్నవాళ్ళకి ఈ మాట రోజూ వినబడుతుంది. బయట బస్సు కోసం ఎవరో ఎదురుచూస్తుంటారు, చేతిలో ఒక తెల్లకాగితం ఉంటుంది. “అన్నా, ఒక లీవ్ లెటర్ రాసిపెట్టవా, సంతకం పెట్టి వెళ్ళిపోతా” అంటారు. ఎప్పటినుంచి, ఎన్ని రోజులు, ఎందుకు అన్న మూడు ముక్కలూ అందులో ఉండవు. అడిగినవాళ్ళకి అవి తెలియక కాదు. వాళ్ళ మనసులో అంతా స్పష్టంగానే ఉంటుంది కాబట్టి ఎదుటివాళ్ళకి కూడా తెలిసే ఉంటుందని అనుకుంటారు, అంతే.

రాసేవాళ్ళు ఏదో ఒకటి ఊహించి రాసేయడమూ ఉంది, ఖాళీలు వదిలి ఇవ్వడమూ ఉంది. రెండూ తర్వాత ఇబ్బంది పెడతాయి. ఎందుకంటే ప్రభుత్వ కొలువులో తేదీలు, కాలం, కారణం అనేవి ఉత్తరంలో నింపే మూడు గళ్ళు మాత్రమే కావు. అది ఏ రకం సెలవో తేల్చేది అవే. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక మామూలు ఆఫీసు ఉద్యోగిని ఉదాహరణగా తీసుకుని ఈ సంగతి చూద్దాం.

## ముందు సెలవుల రకాలు, అవసరమైనంత వరకే

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉద్యోగుల సెలవులకి మూలం 1933 నాటి ఆంధ్రప్రదేశ్ లీవ్ రూల్స్. వాటితోపాటు ఫండమెంటల్ రూల్స్, ఎప్పటికప్పుడు వచ్చిన జీవోలు ఉన్నాయి. అన్నిటి జోలికీ ఇక్కడ వెళ్ళనక్కర్లేదు. లెటర్ రాయడానికి మూడు రకాలు తెలిస్తే చాలావరకు సరిపోతుంది.

మొదటిది సీఎల్, అంటే క్యాజువల్ లీవ్. ఏడాదికి 15 రోజులు. జనవరి 1న మొదలై డిసెంబర్ 31తో చెల్లిపోతాయి, మిగిలినవి మరుసటి ఏడాదికి రావు. మధ్యలో వచ్చే ఆదివారాలు, పండగ సెలవులు సీఎల్ లెక్కలోకి రావు. కానీ ఒక షరతు ఉంది: ముందూ వెనకా మధ్యా కలిసే సెలవు దినాలతో సహా, ఆఫీసుకి రాని మొత్తం కాలం 10 రోజులు దాటకూడదు. సీఎల్‌ని వేరే రకం సెలవుతో కలపడమూ కుదరదు.

రెండోది ఈఎల్, సంపాదిత సెలవు. వెకేషన్ లేని శాఖల్లోని రెగ్యులర్ ఉద్యోగికి జనవరి 1న 15, జూలై 1న 15 చొప్పున ఖాతాలో పడతాయి. 300 వరకు కూడబెట్టుకోవచ్చు, రిటైర్ అయినప్పుడు మిగిలినవాటికి డబ్బు వస్తుంది. అందుకే ఒక్క ఈఎల్ పోయినా బాధపడతారు. ఇందులో మొదలుకీ చివరకీ మధ్య పడ్డ ఆదివారాలు కూడా సెలవు కిందే లెక్క. మొదటి రోజుకి ముందు, చివరి రోజుకి తర్వాత వచ్చే సెలవు దినాలను మాత్రం ప్రిఫిక్స్, సఫిక్స్ పేరుతో అనుమతి తీసుకుని వాడుకోవచ్చు, అవి ఖాతాలోంచి పోవు.

మూడోది హాఫ్ పే లీవ్. పూర్తయిన ఒక్కో ఏడాది సర్వీసుకి 20 రోజులు. పేరులో ఉన్నట్టే సగం జీతం. ఉద్యోగికి స్వయంగా ఆరోగ్యం బాగోకపోతే, డాక్టర్ సర్టిఫికెట్ మీద దీన్నే పూర్తి జీతం సెలవుగా మార్చుకోవచ్చు. దాన్ని కమ్యూటెడ్ లీవ్ అంటారు, ఆఫీసు మాటల్లో ‘మెడికల్ లీవ్’. ఇలా మార్చుకున్నప్పుడు 10 రోజులు వాడితే ఖాతాలోంచి 20 రోజులు పోతాయి.

టీచర్లకి లెక్కలు కొంచెం వేరు. వాళ్ళకి వేసవి సెలవులు ఉంటాయి కాబట్టి ఈఎల్ మామూలుగా ఏడాదికి 6 రోజులే జమ అవుతుంది. ఆ 6 రోజుల్లోంచి ఒకటి అనవసరంగా పోతే ఎంత నష్టమో వాళ్ళకే తెలుస్తుంది.

## ‘వారం రోజులు’ అన్న మాటలో ఎన్ని రోజులున్నాయి?

మనం ఇంట్లో కాలాన్ని చెప్పుకునే తీరు ఆఫీసు కాగితానికి సరిపోదు. “రెండ్రోజుల్లో వచ్చేస్తా” అంటే రెండూ కావచ్చు, నాలుగూ కావచ్చు. ‘వారం’ అంటే ఒకరికి ఏడు రోజులు, ఇంకొకరికి సోమవారం నుంచి శనివారం దాకా. ‘పది రోజులు’ అన్నది చాలాసార్లు లెక్క కాదు, ‘కొంచెం ఎక్కువే పడుతుంది’ అనే అర్థం.

అన్నిటికన్నా ఎక్కువ చిక్కు తెచ్చేది ‘వరకు’. “17వ తేదీ వరకు లీవ్” అంటే 17న సెలవులో ఉన్నట్టా, 17న ఆఫీసుకి వస్తున్నట్టా? అడిగితే సగం మంది ఒకలా, సగం మంది ఇంకోలా చెబుతారు. నేను ఆ సీటులో చేరిన కొత్తలో ఒక అటెండర్‌కి ఇలాగే ‘17 వరకు’ అని రాసిచ్చాను. ఆయన ఉద్దేశం 17 పొద్దున డ్యూటీలో చేరతానని. అలాగే వచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టాడు కూడా. అప్పటికే 17వ తేదీతో సహా సెలవు శాంక్షన్ అయిపోయింది. పని చేసిన రోజుకి సెలవు కోత పడింది. దాన్ని సరిచేయడానికి ఇంకో అర్జీ, ఇంకో నోటు, సవరణ ప్రొసీడింగ్స్ కావాల్సి వచ్చాయి. తప్పు నాదే, ఒక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది.

అందుకే తేదీల గురించి అడిగేటప్పుడు ‘ఎప్పటినుంచి ఎప్పటివరకు’ అనే కన్నా ‘ఆఫీసుకి రాని మొదటి రోజు ఏది, మళ్ళీ డ్యూటీలో చేరే రోజు ఏది’ అంటే సమాధానం సూటిగా వస్తుంది. ఈ రెండూ తెలిస్తే రోజుల సంఖ్యని మనమే లెక్కవేసుకోవచ్చు. ‘ఎన్ని రోజులు’ అని వేరుగా అడగడం కూడా మంచిదే. వాళ్ళు చెప్పిన సంఖ్యా, మన లెక్కా కలవకపోతే ఎక్కడో ఏదో మరిచిపోయారని అక్కడే బయటపడుతుంది.

## ఒక రోజు తేడాతో రకమే మారిపోయే లెక్క

ఒక జూనియర్ అసిస్టెంట్ అనుకోండి. “అన్నా, ఆగస్టులో నాన్నకి కంటి ఆపరేషన్, విశాఖపట్నం తీసుకెళ్ళాలి. వారం రోజులకి లీవ్ లెటర్ రాయవా” అన్నాడు. సంవత్సరం 2026. అతని ఖాతాలో 9 సీఎల్, 62 ఈఎల్ ఉన్నాయి.

వెళ్ళేది ఎప్పుడని అడిగితే ఆపరేషన్ 11వ తేదీ మంగళవారం, ముందురోజు సోమవారమే అడ్మిట్ అవ్వాలని చెప్పాడు. అంటే రాని మొదటి పనిదినం 10. తిరిగి చేరేదెప్పుడని అడిగితే కాసేపు ఆలోచించి, “ఆపరేషన్ అయ్యాక వారానికి చెకప్‌కి రమ్మన్నారు, అది చూపించుకుని వచ్చేస్తా” అన్నాడు. చెకప్ 18వ తేదీ మంగళవారం. చేరేది 19. అతను అన్న ‘వారం’లో ఈ చెకప్ లేదు. అడిగాకే బయటికి వచ్చింది.

ఇప్పుడు క్యాలెండర్ చూద్దాం. ఆగస్టు 8 రెండో శనివారం, 9 ఆదివారం. 10 నుంచి 14 వరకు ఐదు పనిదినాలు. 15 శనివారం, స్వాతంత్ర్య దినోత్సవం. 16 ఆదివారం. 17, 18 పనిదినాలు.

పైకి చూస్తే 10 నుంచి 18 వరకు పనిదినాలు ఏడే, చేతిలో 9 సీఎల్ ఉన్నాయి, కాబట్టి సీఎల్ రాసేయొచ్చు అనిపిస్తుంది. కానీ పది రోజుల షరతు ఇక్కడ అడ్డొస్తుంది. 8వ తేదీ నుంచి 18 దాకా లెక్కపెడితే 11 రోజులు. ఒక్క రోజు ఎక్కువైంది. 17తో ఆగిపోయి 18న ఆఫీసుకి వస్తే సరిగ్గా 10 రోజులు, ఆరు సీఎల్‌లతో సరిపోయేది. 18 కూడా కలిస్తే ఆ ఒక్క రోజుకి ఈఎల్ పెట్టి మిగతాది సీఎల్ అనడానికి వీల్లేదు, రెండూ కలపకూడదు కదా. మొత్తం ఈఎల్‌కి మారాలి. అప్పుడు 8, 9 తేదీలు ప్రిఫిక్స్ అవుతాయి, 10 నుంచి 18 వరకు తొమ్మిది రోజుల ఈఎల్ పోతుంది. మధ్యలో పడ్డ 15, 16 కూడా అందులో కలిసిపోతాయి.

ఇంకో దారి ఉందేమో అని ఆలోచించడానికి మరొక ప్రశ్న కావాలి: మధ్యలో నాన్నగారి దగ్గర ఇంకెవరైనా ఉంటారా? అతని తమ్ముడు ఆదివారం వస్తాడట. అలాగైతే ఇతను 17 సోమవారం ఆఫీసుకి వచ్చి, 18న మళ్ళీ ఒక్క రోజు సీఎల్ పెట్టుకోవచ్చు. అప్పుడు మొదటి విడత 8 నుంచి 16 వరకు తొమ్మిది రోజుల గైర్హాజరు, అందులో ఐదు సీఎల్. రెండో విడత ఒక సీఎల్. మొత్తం ఆరు సీఎల్‌తో పని అయిపోతుంది, ఈఎల్ ఒక్కటీ పోదు. విశాఖపట్నం నుంచి ఒకసారి వచ్చి వెళ్ళే శ్రమ, ఛార్జీలు మాత్రం అదనం. ఏది మేలో తేల్చుకోవాల్సింది అతనే. కానీ ఇలా రెండు దారులున్నాయని తెలిసింది ఆ ప్రశ్నల వల్లే. ‘వారం రోజులు’ అని విని 10 నుంచి 16 వరకు రాసిచ్చి ఉంటే, 16 సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేది.

## కారణం ఎందుకు అడగాలి, ఎంతవరకు అడగాలి?

పై ఉదాహరణలో ఆసుపత్రి ఉంది, ఆపరేషన్ ఉంది. అందుకని చాలామంది వెంటనే ‘మెడికల్ లీవ్’ అనేస్తారు. అది పొరపాటు. కమ్యూటెడ్ లీవ్ ఉద్యోగి సొంత అనారోగ్యానికే. నాన్నకో, భార్యకో బాగోకపోతే రూల్స్ దృష్టిలో అది సొంత పని కిందికే వస్తుంది. సీఎల్ కానీ, ఈఎల్ కానీ, సగం జీతానికి సిద్ధపడితే హాఫ్ పే లీవ్ కానీ పెట్టుకోవాలి. కాబట్టి కారణం గురించి మొదట తెలియాల్సింది ఒక్కటే: బాగోనిది మీకా, ఇంట్లోవాళ్ళకా?

ఉద్యోగికే బాగోలేదంటే దారి మారుతుంది. సర్టిఫికెట్ జతచేయాలి, తిరిగి చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తేవాలి. అనుమానం వస్తే అధికారి రెండో అభిప్రాయం కోసం వేరే డాక్టర్ దగ్గరికి పంపవచ్చు కూడా. ఇదంతా తెలియకుండా మర్యాద కోసం ‘అనారోగ్య కారణాల వల్ల’ అని రాసి ఇరుక్కున్నవాళ్ళని చూశాను. ఒకాయన బావమరిది పెళ్ళికి వెళ్ళాడు. ఎవరో రాసిపెట్టిన లెటర్‌లో అలవాటుగా ‘జ్వరం’ అని ఉంది, చదవకుండా సంతకం పెట్టాడు. తిరిగొచ్చాక ఫిట్‌నెస్ అడిగితే నీళ్ళు నమిలాడు. సంతకం తనదే కాబట్టి, అబద్ధం రాశాడన్న మాటకి సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది కూడా ఆయనే. పెళ్ళికి వెళ్తున్నానని రాస్తే ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

మరి కారణం ఎంత వివరంగా ఉండాలి? ఇక్కడ ఆఫీసుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. సెలవు హక్కు కాదని, ప్రభుత్వ పని అవసరాన్ని బట్టి ఇవ్వకపోవచ్చని, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవచ్చని ఫండమెంటల్ రూల్ 67 చెబుతుంది. కాబట్టి అసలు సంగతి తెలిస్తేనే ఇవ్వాలా వద్దా అని నిర్ణయించగలమని చాలామంది అధికారులు అంటారు. ఒకే వారంలో ముగ్గురు సెలవడిగితే ఎవరిది వాయిదా వేయగలిగిన పనో, ఎవరిది కాదో తెలియాలి కదా. అందులో న్యాయం ఉంది.

రెండో వైపు వాదన ఉద్యోగులది, ముఖ్యంగా మహిళలది. గర్భస్రావం, మానసిక ఆరోగ్య చికిత్స, ఇంట్లో గొడవ వంటివి నలుగురి బల్లల మీదుగా వెళ్ళే కాగితంలో ఎలా రాస్తారు? లెటర్ ఇన్‌వర్డ్ గుమాస్తా చూస్తారు, సూపరింటెండెంట్ చూస్తారు, ఆ తర్వాత ఫైల్లో ఎప్పటికీ ఉంటుంది. ఖాతాలో సెలవు ఉండి, పని అప్పగించే ఏర్పాటు చేసినప్పుడు ‘సొంత పనుల మీద’ అన్న మాట చాలని వాళ్ళంటారు. ఈఎల్, సీఎల్ విషయంలో చాలా ఆఫీసుల్లో ఆ మాటతోనే శాంక్షన్ అవుతోంది కూడా.

నాకు తోచింది ఇది. రాసిపెట్టేవాళ్ళకి కావాల్సింది కథ కాదు, వర్గం. సొంత అనారోగ్యమా, ఇంటి పనా, అప్పటికప్పుడు వచ్చిపడ్డ ఆపదా అన్నది తెలిస్తే ఏ సెలవో తేలిపోతుంది. ఆపైన కాగితంలో ఎంత రాయాలన్నది సెలవు పెట్టుకునేవాళ్ళ ఇష్టం. అధికారికి నోటితో చెప్పుకునే వెసులుబాటు ఎప్పుడూ ఉంటుంది. “కారణం ఏమని రాయమంటారు?” అని అడిగితే వాళ్ళు చెప్పదలుచుకున్నంతే చెబుతారు. “ఎందుకు?” అని అడిగితే ఆ ముఖంలో ఇబ్బంది కనబడుతుంది.

## ఖాళీలు వదిలి ఇస్తే పోలేదా?

ఈ పద్ధతీ చాలాచోట్ల ఉంది. ‘తేదీ …… నుంచి …… వరకు …… రోజులు’ అని ఒక నమూనా కాగితం జిరాక్సులు తీసి పెట్టుకుంటారు, వచ్చినవాళ్ళకి ఒకటి ఇస్తారు. సీఎల్‌కి ఇది బాగానే పనిచేస్తుంది. ఒక రోజు, రెండు రోజుల సెలవుకి కూర్చోబెట్టి ఆరా తీయడం అనవసరం. అడిగేవాళ్ళు హడావుడిలో ఉంటే నమూనా చేతిలో పెట్టి, నింపాల్సిన చోట్లు చూపించడమే నిజమైన సాయం.

చిక్కు ఎక్కడంటే, ఖాళీలున్న నమూనాలో సెలవు రకం ముందే అచ్చయి ఉంటుంది. పైన చూసిన కంటి ఆపరేషన్ లెక్క అందులో ఇమడదు. తేదీ ఖాళీగా ఉంచి సంతకం మాత్రం పెట్టించి సొరుగులో దాచుకునే అలవాటు ఇంకా ప్రమాదం. ఆ కాగితం మీద తర్వాత ఎవరు ఏ తేదీ వేసినా సంతకం చేసినవాళ్ళే బాధ్యులు. ఐదు రోజులు దాటిన సెలవుకి అడిగి రాయడమే క్షేమమని నా అనుభవం.

ఇలా అడిగాక, మన జూనియర్ అసిస్టెంట్ ఈఎల్ దారినే ఎంచుకున్నాడనుకుంటే లెటర్ ఇలా తయారవుతుంది:

> అయ్యా,
> మా నాన్నగారి కంటి ఆపరేషన్ నిమిత్తం విశాఖపట్నం వెళ్ళవలసి ఉన్నందున, నాకు 10-08-2026 నుంచి 18-08-2026 వరకు (రెండు రోజులూ కలుపుకుని) 9 రోజుల సంపాదిత సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. 08-08-2026 రెండో శనివారం, 09-08-2026 ఆదివారం ప్రిఫిక్స్ చేసుకోవడానికి, సెలవు కాలంలో హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్ళడానికి అనుమతి ఇవ్వవలసిందిగా మనవి. 19-08-2026 పూర్వాహ్నం విధుల్లో చేరగలను.

‘రెండు రోజులూ కలుపుకుని’ అన్న మాటతో ‘వరకు’ గొడవ తీరిపోయింది. చేరే తేదీ కూడా ఉంది కాబట్టి లెక్క రెండు వైపుల నుంచీ సరిపోల్చుకోవచ్చు. కింద సెలవులో ఉండే చిరునామా, ఫోన్ నంబర్, సీటు ఎవరికి అప్పగిస్తున్నారో ఒక వాక్యం చేరిస్తే పై నుంచి మళ్ళీ ప్రశ్న రాదు.

## చేరే తేదీ నిజంగానే తెలియనప్పుడు

ఇవన్నీ అడగగలిగేది సమాధానం ఉన్నప్పుడు. అర్ధరాత్రి అమ్మని ఐసీయూలో చేర్పించిన మనిషి ఉదయం ఫోన్ చేసి “లీవ్ పెట్టెయ్ అన్నా” అంటే, ఎప్పుడు చేరతావని అడగడం క్రూరంగా ఉంటుంది. అడిగినా అతని దగ్గర జవాబు లేదు. అప్పుడు అడగాల్సింది వేరు: “పది రోజుల లోపు వచ్చే అవకాశం కనిపిస్తోందా?”

కనిపిస్తోందంటే సీఎల్ పెట్టొచ్చు. తెలియదంటే మొదటి రోజు నుంచే ఈఎల్‌గా, ఉజ్జాయింపుగా పదిహేను రోజులకి రాసి, గడువు తీరకముందే పొడిగింపు కోరడం నయం. ఎందుకంటే సీఎల్‌తో మొదలుపెట్టి, పదో రోజు దాటాక ఈఎల్ తగిలించడానికి కుదరదు. అప్పుడు మొదటి రోజు దగ్గరికి వెనక్కి వెళ్ళి, సీఎల్‌ని రద్దు చేయించి, మొత్తాన్నీ ఈఎల్‌గా మార్చమని కొత్త అర్జీ పెట్టుకోవాలి. ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషికి ఆ కాగితాల పని తప్పించాలంటే, ఆ ఉదయం ఫోన్‌లో ఆ ఒక్క ప్రశ్న అడిగితే చాలు.